విశాఖ ఉప్పుగాలిలో చైన్, బెల్ట్, షాఫ్ట్: తొమ్మిదేళ్ల అనుభవం

మా ఇల్లు లాసన్స్ బే కాలనీలో ఉంది. సముద్రం కనిపించదు కానీ ఉప్పు మాత్రం ఇంటిదాకా వస్తుంది. కిటికీ ఊచలు, గేటు బోల్టులు, బైకు చైను, దేన్నీ వదలదు. ఇంజన్ బలాన్ని వెనక చక్రానికి చైన్‌తో, బెల్ట్‌తో, షాఫ్ట్ అనే ఇనుప కడ్డీతో పంపే మూడు రకాల బళ్లు ఈ తొమ్మిదేళ్లలో నా చేతిలో తిరిగాయి. ఒకటి 520 సైజు చైన్ ఉన్న 373 సీసీ బండి, నేను కొత్తగా కొన్నది. రెండోది సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న 750 సీసీ క్రూయిజర్, బెల్ట్ డ్రైవ్. మూడోది మా బావగారి 1200 సీసీ షాఫ్ట్ డ్రైవ్ బండి. ఆయన షిప్‌లో ఇంజనీరు. ఏడాదిలో ఆరేడు నెలలు సముద్రం మీదే ఉంటారు కాబట్టి బండి బాగోగులు నావే.

ముందు చైన్ సంగతి, ఎందుకంటే నేను ఎక్కువ తప్పులు చేసింది దాని దగ్గరే. మొదటి చైన్ 14,000 కిలోమీటర్లకే పోయింది. నిర్లక్ష్యం చేసి కాదు, అతిగా చూసుకుని పాడుచేశాను. ప్రతి ఆదివారం పెట్రోల్ పోసి ఇనుప బ్రష్‌తో తళతళలాడేదాకా తోమేవాణ్ణి. నెలకోసారి వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్‌తో నేరుగా చైన్ మీదే కొట్టించేవాణ్ణి. ఒకరోజు బీచ్ రోడ్డులో నెమ్మదిగా పోతుంటే కింద టిక్... టిక్... అని ఒకే లయలో చప్పుడు మొదలైంది. మద్దిలపాలెంలో మెకానిక్ దగ్గర ఆపాను. వెనక చక్రం లేపి, చేత్తో మెల్లగా తిప్పుతూ చైన్ కింది వరుసను వేలితో పైకి కిందికి ఆడించి చూశాడు. ఒకచోట లూజు 25 మిల్లీమీటర్లు ఉంటే, చక్రం ఇంకాస్త తిప్పేసరికి 40 దాకా వచ్చింది.

"ఏటి సార్, పెట్రోల్‌తో కడుగుతున్నారా?" అన్నాడు. లింకుల మధ్య ఎర్రటి పొడి చూపించాడు. కొన్ని లింకులు చైన్ తిరిగే పళ్లచక్రం, అదే స్ప్రాకెట్, దాటి వచ్చాక కూడా తిన్నగా సాగకుండా వంకరగానే ఉండిపోతున్నాయి.

విషయం ఏమిటంటే, ఈ చైన్లలో ప్రతి పిన్నుకీ రెండు వైపులా సన్నటి రబ్బరు రింగులుంటాయి. ఫ్యాక్టరీలో పెట్టిన గ్రీజు ఆ రింగుల వెనకే ఉంటుంది. బయట మనం రాసే ఆయిల్ ఆ గ్రీజు దగ్గరికి చేరదు. అది రోలర్ల కోసం, తుప్పు పట్టకుండా ఉండడం కోసం, రింగులు ఎండిపోకుండా ఉండడం కోసం మాత్రమే. పెట్రోల్ ఆ రబ్బరును ఉబ్బిస్తుంది, ఇనుప బ్రష్ కోస్తుంది, ప్రెషర్ నీళ్లు రింగును దాటుకుని లోపలికి దూరతాయి. లోపల గ్రీజు పోయి ఉప్పుతేమ చేరిందంటే పిన్ను తుప్పు పట్టి లింకు బిగుసుకుపోతుంది. దాన్ని ఎంత ఆయిల్ పోసినా బాగుచేయలేం.

ఇక్కడే కొలత కూడా మోసం చేస్తుంది. 520 చైన్‌లో ఒక లింకు 15.875 మిల్లీమీటర్లు, అంటే కొత్తదానికి ఇరవై లింకులు 317.5 వస్తాయి. చాలా బళ్ల మాన్యువల్లో అది అరిగి సాగి 323 అయితే మార్చమంటారు. పాత చైన్‌ను బిగుతుగా లాగి కొలిస్తే 319 మాత్రమే వచ్చింది! కొలత ప్రకారం ఇంకా బోలెడంత ఆయుష్షు ఉంది, కానీ చైన్ చచ్చిపోయింది. అందుకే ఇప్పుడు స్కేలు కంటే ముందు చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల లూజు చూస్తాను. అన్నిచోట్లా ఒకేలా ఉంటే బిగిస్తే సరిపోతుంది. చోటుకొకలా ఉంటే మాత్రం బిగించకూడదు. లూజుగా ఉన్నచోట చూసి బిగిస్తే, టైట్‌గా ఉన్నచోట గేర్‌బాక్స్ బేరింగ్ మీద బరువు పడుతుంది.

రెండో చైన్ సెట్‌కి పద్ధతి మార్చాను. ఐదొందల కిలోమీటర్లకోసారి, వర్షంలో తడిస్తే ఆ రాత్రే, దొరికితే కిరోసిన్, లేకపోతే చైన్ క్లీనర్ స్ప్రే. మెత్తటి బ్రష్‌తో రుద్ది, గుడ్డతో తుడిచి, 90 నంబర్ గేర్ ఆయిల్ చైన్ లోపలి వైపు పలచగా రాసి రాత్రంతా వదిలేస్తాను. పొద్దున అదనంగా ఉన్నదాన్ని తుడిచేస్తాను, లేకపోతే బీచ్ ఇసుకంతా దానికే అంటుకుంటుంది. మొత్తం ఇరవై నిమిషాల పని. (ఇంజన్ ఆన్ చేసి గేరులో పెట్టి గుడ్డ పట్టుకునేవాళ్లు కాలనీలో ఇద్దరున్నారు. వేలు స్ప్రాకెట్‌లోకి పోతే తిరిగి రాదని చెప్పినా వినరు.) ఈ సెట్ 27,000 దాటింది, టైట్ లింకు ఒక్కటీ లేదు.

బెల్ట్ బండి దీనికి పూర్తిగా వేరు. ఆయిల్ అక్కర్లేదు, అసలు తగలనివ్వకూడదు. తుప్పు పట్టడానికి అందులో ఇనుము లేదు. సౌండ్ దాదాపు లేదనే చెప్పాలి. ఎండాకాలంలో ఇసుక చేరి కిచకిచమంటే సబ్బునీళ్లతో కడిగితే ఆగిపోయేది. సర్వీసులో గేజ్‌తో నాలుగున్నర కిలోల బలంతో నొక్కి ఎంత వంగిందో చూడడం తప్ప 38,000 కిలోమీటర్ల వరకు దాన్ని పట్టించుకున్నదే లేదు.

తర్వాత ఒకసారి అరకు నుంచి దిగుతుంటే అనంతగిరి దాటాక రోడ్డు పని జరుగుతోంది. కంకర మీద నెమ్మదిగానే పోయాను. ఇంటికొచ్చి చూస్తే బెల్ట్‌లో పెన్సిల్ మొన పట్టేంత రంధ్రం. పుల్లీకీ బెల్ట్‌కీ మధ్య రాయి నలిగింది. రంధ్రం మధ్యలో ఉంటే కనిపెడుతూ కొన్నాళ్లు నడపొచ్చు, అంచున ఉంటే మార్చాల్సిందే. నాది అంచునే ఉంది. చైన్ అయితే లింకు విప్పి అక్కడికక్కడే మార్చేసేవారు. బెల్ట్‌కి అతుకు ఉండదు కాబట్టి స్వింగ్ ఆర్మ్ ఊడదీయాల్సి వచ్చింది. బెల్ట్ ఖరీదు ఇరవై వేలు దాటింది, అది వచ్చేదాకా ఐదు వారాలు బండి స్టిల్ట్ పార్కింగ్‌లోనే నిలబడింది. ఊళ్లో తిరగడానికి, భీమిలి వెళ్లి రావడానికి నా ఓటు ఇప్పటికీ బెల్ట్‌కే. ఘాట్ రోడ్డు తరచుగా తిరిగేవాళ్లకి మాత్రం చెప్పను.

ఇక షాఫ్ట్. "మెయింటెనెన్స్ ఏమీ లేదు, ఎక్కి నడుపు" అని తాళం ఇచ్చేటప్పుడు బావగారు అన్నారు. రోజువారీ పని నిజంగానే లేదు. మాన్యువల్ ప్రకారం 20,000 కిలోమీటర్లకో రెండేళ్లకో వెనక గేర్ కేసులో ఆయిల్ మార్చాలి, పట్టేది టీ గ్లాసుడు కంటే కాస్త ఎక్కువ. నడిచేటప్పుడు సన్నగా ఒక గేర్ సౌండ్ ఉంటుంది. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ ఇస్తే టక్ మంటుంది. మొదట్లో భయపడ్డాను, అది గేరు పళ్ల మధ్య ఉండాల్సిన సందు వల్లేనట.

కానీ దీనికి ఏ జబ్బు వచ్చినా బయటికి కనిపించదు. చైన్ ముందుగానే చప్పుడు చేసి చెబుతుంది, బెల్ట్ కంటికి కనిపిస్తుంది. ఇది అలా కాదు. పోయిన సర్వీసులో తీసిన ఆయిల్ చూశాను. బూడిదరంగు మెత్తటి పేస్టు కాస్త ఉంటే పర్లేదు, రజను ముక్కలు తగిలితేనో, పాలలా తెల్లబడితేనో ప్రమాదం. ఆయిల్ బాగానే ఉంది. చక్రం పైనా కిందా పట్టుకుని ఊపి చూశాం, ఆట లేదు. చివరగా షాఫ్ట్ జాయింటు మీద ఉండే రబ్బరు తొడుగు, అదే బూట్, జరిపి చూస్తే, అడుగున చిన్న చీలిక, లోపల తేమ. షాఫ్ట్ కొన గాడుల మీద గ్రీజు ఎండిపోయి నారింజ రంగు తిరిగింది. ఇంకో వర్షాకాలం గడిస్తే గాడులు అరిగి, షాఫ్టే మార్చాల్సి వచ్చేది. ఆ బిల్లుతో మంచి చైన్ బండే వచ్చేస్తుంది. ఇప్పుడు ఆయిల్ ఎలా ఉన్నా ఏడాదికోసారి బూట్ తీయించి గాడులకు గ్రీజు పెట్టిస్తున్నాను.

బావగారు వచ్చే నెల షిప్ దిగుతున్నారు. కొత్త బూట్‌కి ఆర్డర్ పెట్టాను. అది బిగించాకే ఆయనకి తాళం ఇస్తాను.