జీతం పెంచి ఆపడమా, వెళ్లనిచ్చి కొత్తవారిని తీసుకోవడమా?

ఒక డెవలపర్ జీతానికి రెట్టింపు క్లయింట్‌కి బిల్ అవుతోందనుకుందాం. వెళ్లిపోయాక సీటు 2 నెలలు ఖాళీగా ఉంటే, చాలామంది బిల్లింగ్ మొత్తం నష్టం కింద రాసేస్తారు, అది తప్పు, ఎందుకంటే ఆ జీతం మిగులుతుంది కదా, పోయేది 2 నెలల జీతమంత మార్జినే. అసలు దెబ్బ తర్వాతే: కొత్త మనిషి పని నేర్చుకునే నెలలో జీతం ఇస్తాం, బిల్ రాదు, అంటే ఈసారి ఆ నెల బిల్లింగ్ మొత్తం నష్టమే, ఇంకో 2 నెలల జీతం. రిక్రూటర్ ఫీజు 1. మొత్తం 5 నెలల జీతం.

ఆపాలంటే? 10% పెంపు ఏడాదికి 1.2 నెలలే, చవక. కానీ పదిమంది టీమ్ మొత్తానికి ఇస్తే 12. ఏడాదిలో కనీసం ముగ్గురు దానివల్లే ఆగితేనే గిట్టుబాటు, ఎలాగూ ఉండేవాళ్లని ఇందులో లెక్కేయకూడదు. నేనైతే క్లయింట్ సిస్టమ్ ఒక్కరికే తెలిసిన సీట్లకే ముందు పెంచుతాను.