పొద్దున్నే సెల్ఫ్ తీసుకోని కారు, నా చవక మల్టీమీటరు: ఏళ్ల వాడకం తర్వాత

ఈ మల్టీమీటరులో ఎన్ని రేంజ్‌లు ఉన్నాయి, డబ్బాలో ఏమేం వచ్చాయి అన్నవి రాయను. ఎలక్ట్రికల్ షాపులో అందరికీ దొరికే మామూలు పసుపు రంగు డిజిటల్ మీటరే ఇది. నేను రాస్తున్నది అది చేసే ఒక్క పని కోసం. సెల్ఫ్ కొడుతున్న ఆ రెండు మూడు సెకన్లలో బ్యాటరీ పోస్టుకీ, దాని మీద బిగించిన క్లాంపుకీ మధ్య ఎన్ని వోల్టులు పోతున్నాయో ఇది చూపిస్తుంది. ఆ ఒక్క రీడింగ్ కోసమైనా దీన్ని మళ్లీ కొంటాను.

మాది హైదరాబాద్, పెట్రోల్ మాన్యువల్ కారు, పార్కింగ్ ఆరుబయటే. డిసెంబర్‌లో ఒక పొద్దున తాళం తిప్పితే ‘టక్’ మని ఒక్క శబ్దం వచ్చి డాష్‌బోర్డు లైట్లన్నీ ఆరిపోయాయి, తాళం వదలగానే మళ్లీ వెలిగాయి. వీధి చివర మెకానిక్ వచ్చి బానెట్ ఎత్తి చూసి, ‘బ్యాటరీ అయిపోయింది సార్, మార్చేయండి’ అన్నాడు. అంతకుముందు రోజు దాకా ఏ ఇబ్బందీ లేని బ్యాటరీ రాత్రికి రాత్రి పోయిందంటే నమ్మబుద్ధి కాలేదు, అందుకే మీటరు తెచ్చాను.

డయల్ డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి రెండు ప్రోబులూ బ్యాటరీ పోస్టుల మీద ఆనించాను. క్లాంపు మీద కాదు, మధ్యలో ఉండే సీసం పోస్టు మీదే. 12.5 చూపించింది. రాత్రంతా ఆగి ఉన్న బ్యాటరీ పూర్తి చార్జ్‌లో ఉంటే 12.6 పైన, సగం చార్జ్‌లో ఉంటే 12.2 దగ్గర ఉంటుంది కాబట్టి ఇక్కడికి ఫర్వాలేదు. అసలు సంగతి దీని తర్వాతే. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి మా అబ్బాయిని సీట్లో కూర్చోబెట్టి ‘తాళం తిప్పరా’ అన్నాను. అంకె 12.4 దగ్గరే నిలబడిపోయింది.

బ్యాటరీ నిజంగా బలహీనంగా ఉంటే సెల్ఫ్ కొట్టినప్పుడు పోస్టుల దగ్గర వోల్టేజ్ తొమ్మిదికో ఎనిమిదికో పడిపోవాలి. బాగున్న బ్యాటరీకి కూడా సెల్ఫ్ మోటరు తిరిగేటప్పుడు పదీ పదకొండు మధ్యకు దిగుతుంది. అసలు దిగలేదంటే పెద్ద కరెంటు బ్యాటరీలోంచి బయటికే రావడం లేదన్నమాట. మరి అది ఆగుతున్నది పోస్టూ క్లాంపూ కలిసే టెర్మినల్ దగ్గరా, సెల్ఫ్ మోటరు దగ్గరా? డాష్‌బోర్డు లైట్లు ఆరిపోవడం చూస్తే అనుమానం టెర్మినల్ మీదికే పోయింది, ఎందుకంటే సెల్ఫ్ పాడై కరెంటు అక్కడ ఆగిపోతే లైట్లు మామూలుగా వెలుగుతూనే ఉంటాయి.

అప్పుడు ఎర్ర ప్రోబును ప్లస్ పోస్టు నడుమ, నల్లదాన్ని అదే పోస్టు క్లాంపు మీద ఆనించి మళ్లీ తాళం తిప్పించాను. ఒకే చోట ఉన్నట్టు కనిపించే రెండు లోహాల మధ్య ఎనిమిది వోల్టుల పైన! అక్కడ రావాల్సింది 0.1, మహా అయితే 0.2. క్లాంపును చేత్తో తిప్పి చూస్తే కదల్లేదు, పైకి పొడి కూడా ఏమీ లేదు. విప్పి చూస్తే లోపలి అంచంతా నల్లటి పొర పట్టి ఉంది, మెరుస్తున్న సీసం ఒక పక్క చిన్న చుక్కంత మాత్రమే కనిపించింది.

మరి లైట్లు ఎలా వెలిగాయి అంటే, ఆ పొర అడ్డు 0.3 ఓమ్ ఉందనుకోండి. డాష్‌బోర్డు లైట్లు ఆంపియరున్నర లాగితే పోయేది అర వోల్టు లోపే, కంటికి తేడా కూడా తెలియదు. అదే సెల్ఫ్ వైపు ముప్పై ఆంపియర్లు పోయేసరికే తొమ్మిది వోల్టులు అక్కడే పోతాయి, మోటరు తిరగడానికి కావాల్సిన నూటయాభై ఆంపియర్లు బయటికే రావు. లైట్లు వెలుగుతున్నాయి కదా, టెర్మినల్ బాగానే ఉంది అనుకోవడం అందుకే కుదరదు.

పది నంబర్ స్పానర్‌తో ముందు మైనస్, తర్వాత ప్లస్ విప్పి, పోస్టునీ క్లాంపు లోపలి భాగాన్నీ ఎమెరీ పేపర్‌తో రుద్ది, ప్లస్ ముందు, మైనస్ చివర బిగించాను. మళ్లీ కొలిస్తే పోస్టుకీ క్లాంపుకీ మధ్య 0.05, సెల్ఫ్ తిరుగుతుంటే పోస్టుల దగ్గర 10.8. కారు ఒక్క తిప్పుకే అందుకుంది. ఆ బ్యాటరీయే తర్వాత చాలా కాలం నడిచింది.

ఇంత మెచ్చుకున్నాను గానీ, ఊరికే పోస్టుల మీద పెట్టి చూసే వోల్టేజ్‌ని మాత్రం నేనిప్పుడు పెద్దగా నమ్మను. మా బావగారి కారు బ్యాటరీ పొద్దున 12.5 చూపించి, సెల్ఫ్ కొట్టగానే 7 దగ్గరికి పడిపోయింది, ‘టకటకటక’ అని చప్పుడు తప్ప ఏమీ లేదు. పోస్టుకీ క్లాంపుకీ మధ్య తేడా లేదు కాబట్టి అది అచ్చంగా బ్యాటరీ ఒంట్లో జబ్బే. ప్లేట్లు అరిగిపోయినా ఆగి ఉన్నప్పుడు అంకె బాగానే కనిపించొచ్చు. దాన్ని చూసి బ్యాటరీ మంచిదని చెప్పేవాళ్లను చూస్తే నాకు కోపమే వస్తుంది.

సెల్ఫ్ మోటరు సంగతికొస్తే మీటరు చెప్పగలిగేది సగమే. మా పక్కింటాయన కారుకు పోస్టుల దగ్గర 12.4, లైట్లు ఏమాత్రం తగ్గవు, ఒక్క ‘టక్’, అంతే. కారు కిందికి వెళ్లి తాళం తిప్పిస్తూ కొలిస్తే మోటరుకు కరెంటు కలిపే సోలినాయిడ్ సన్న వైరుకు కరెంటు వస్తోంది, లావు కేబుల్ బోల్టు దగ్గర కూడా నిండుగా ఉంది. కరెంటు గుమ్మం దాకా వచ్చినా మోటరు కదలడం లేదు. రాడ్డుతో మోటరు ఒంటి మీద మెల్లగా తడితే తిరిగింది, అంటే లోపల బ్రష్‌లు అరిగి ఉంటాయి. ఒకవేళ సన్న వైరుకే కరెంటు రాకపోతే మోటరును నిందించకుండా రిలే, ఫ్యూజు, క్లచ్ స్విచ్ చూసుకోవాలి. ఆ వైరు అందుకోవడం కొన్ని కార్లలో చాలా కష్టం, జాకీ మీద మాత్రమే ఉన్న కారు కిందికి మాత్రం దూరొద్దు.

మీటరు మీద ఫిర్యాదులూ ఉన్నాయి. అంకె సెకనుకు రెండు మూడు సార్లే మారుతుంది, తాళం తిప్పిన తొలి క్షణంలో అడుగు దాకా పడే వోల్టేజ్‌ని పట్టుకోలేదు, కనిష్ఠాన్ని గుర్తుపెట్టుకునే మోడల్ అయితే నయం. దీని లోపలి 9 వోల్టుల బ్యాటరీ డౌన్ అయితే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, ఒకసారి 14 చూపిస్తే టెన్షన్ పడ్డాను, కారు ఆగి ఉండగా 14 రావడానికి వీల్లేదు. ఎర్ర వైరు 10ఏ రంధ్రంలో ఉండగా బ్యాటరీ మీద పెడితే షార్టే, ప్రతిసారీ అది చూసుకున్నాకే ఆనించండి.

నాకు తాళం తిప్పే మనిషి ఇంట్లోనే ఉన్నాడు, కారు కూడా పాతది, బ్యాటరీ చేతికందే చోట ఉంది, అందుకే ఇంత సంతోషంగా రాస్తున్నాను. బ్యాటరీ సీటు కింద ఉన్న కారో, ఇంజన్ తనంతట తానే ఆగి మొదలయ్యే స్టార్ట్-స్టాప్ కారో అయితే, మైనస్ వైపు బ్యాటరీని గమనించే సెన్సర్ ఉండొచ్చు కాబట్టి కొలవడం వరకు చేసుకుని విప్పే పని తెలిసినవాళ్లకు వదిలేయడమే మేలనిపిస్తుంది.