భుజాల మీది పట్టీ చారలకు ఫోటోషాప్ కర్వ్స్: చాలాకాలం వాడిన తరువాత

సెలవుల ప్రయాణాల్లో తీసిన ఫోటోల్లో భుజాల మీద కనిపించే లేత పట్టీ చారలను, ఎండ అక్కడక్కడ కమిల్చిన మచ్చలను సరిచేయడానికి నేను కొన్నేళ్లుగా ఫోటోషాప్‌లో ఒక గీతను వంచి రంగుల విలువలను మార్చే కర్వ్స్ అడ్జస్ట్‌మెంట్ లేయర్‌ను, ఆ మార్పు ఎక్కడ కనిపించాలో నిర్ణయిస్తూ దానికి అతుక్కుని ఉండే మాస్క్‌ను మాత్రమే వాడుతున్నాను. హీలింగ్ బ్రష్ మొటిమకో గీరుకో పనికొస్తుంది గానీ, భుజం పైనుంచి మెడ కింది ఎముక దాకా సాగే పట్టీ చార మీద దానిని నడిపిస్తే పక్క చర్మపు రంధ్రాలను, వెంట్రుకలను తెచ్చి అతికిస్తుంది. ఫలితంగా భుజం మీద అల్లికకు పొందిక లేని ఒక దారి ఏర్పడుతుంది. కర్వ్స్ ఏ పిక్సెల్‌నూ స్థానం మార్చదు, రంగును మాత్రమే మారుస్తుంది. చర్మపు అల్లిక దానిదిగా అక్కడే ఉండిపోతుంది కనుక ఈ పనికి ఇంతకంటే నమ్మదగిన సాధనం నాకు దొరకలేదు. అయితే దీనిని కంటి అంచనాతో వాడేవారికి ఇది నిరాశే మిగులుస్తుంది. అంకెలు చూసి వాడాలి.

అంకెలు ఎందుకు అవసరమో ముందు చెబుతాను. ఎండకు నల్లబడిన చర్మంలో మెలనిన్ పెరుగుతుంది. అది నీలి కాంతిని అన్నిటికంటే ఎక్కువగా, ఆకుపచ్చను కొంత తక్కువగా, ఎరుపును అతి తక్కువగా పీల్చుకుంటుంది. అందుచేత పట్టీ కింద దాగిన లేత చర్మానికి, దాని పక్కనున్న నల్లబడిన చర్మానికి మధ్య తేడా వెలుగులో మాత్రమే కాదు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు ఛానెళ్లలో మూడు రకాలుగా ఉంటుంది. ఈ సంగతి గమనించకుండా బ్రైట్‌నెస్ ఒక్కటే తగ్గిస్తే చార నల్లబడదు, బూడిద పూసినట్లు మారుతుంది. చాలామంది సరిదిద్దిన ఫోటోల్లో భుజం మీద మట్టి మరకలాంటిది కనిపించడానికి కారణం ఇదే.

ఒక ఫోటోను ఉదాహరణగా తీసుకుంటాను. మధ్యాహ్నపు వెలుగులో, వెడల్పు మెడ ఉన్న దుస్తులలో తీసిన చిత్రం అది. కుడి భుజం మీద వేలెడంత వెడల్పున లేత చార ఉంది, దానికి వెలుపల జబ్బ మొదలయ్యే చోట ఎర్రగా కమిలిన మచ్చ ఉంది. ముందుగా Color Sampler పరికరాన్ని తీసుకుని, పైన ఉండే Sample Size గడిలో 11 by 11 Average ఎంచుకున్నాను. ఒక్క పిక్సెల్ విలువ నమ్మదగినది కాదు, చర్మం మీది ఒక రంధ్రమో వెంట్రుకో లెక్కను తప్పిస్తుంది. చార మీద ఒక గుర్తు, దాని అంచుకు దగ్గరగా అదే వెలుగు పడుతున్న నల్లబడిన చర్మం మీద ఇంకో గుర్తు పెట్టి, F8 నొక్కితే తెరుచుకునే Info పలకలో విలువలు చూశాను. చార మీద ఎరుపు 204, ఆకుపచ్చ 163, నీలం 140 ఉన్నాయి. పక్క చర్మం మీద ఎరుపు 176, ఆకుపచ్చ 124, నీలం 94 ఉన్నాయి. తేడాలు వరుసగా 28, 39, 46. నీలంలో అన్నిటికంటే ఎక్కువ తేడా ఉండటం మెలనిన్ చేసే పనికి సరిగ్గా సరిపోతుంది. మీ ఫోటోలో ఈ వరుస తలకిందులైతే రెండో గుర్తు నీడలోనో, కమిలిన ఎరుపు మీదనో పడిందని అనుమానించి దానిని పక్కకు జరపండి.

తరువాత Layer > New Adjustment Layer > Curves ద్వారా లేయర్ చేర్చి, ఎరుపు ఛానెల్ గీత మీద ఒక బిందువు పెట్టి Input గడిలో 204, Output గడిలో 176 టైపు చేశాను. అదే విధంగా ఆకుపచ్చలో 163ను 124కు, నీలంలో 140ను 94కు మార్చాను. ఈ దశలో ఫోటో మొత్తం నల్లబడి ముతకగా కనిపిస్తుంది, దానికి కంగారు పడనవసరం లేదు. మాస్క్‌ను ఎంచుకుని Ctrl+I నొక్కితే అది నలుపుగా మారి, మార్పు అంతా మాయమవుతుంది. ఇక తెల్లని బ్రష్‌తో చార మీద మాత్రమే దానిని తిరిగి రప్పించాలి.

లేత చారను నల్లబడిన రంగుకు దించాలా, నల్లబడిన చర్మాన్ని చార రంగుకు పెంచాలా అన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. నేను ఎప్పుడూ దించే పక్షమే. చార చిన్నది, చుట్టూ ఉన్న చర్మం పెద్దది. పైగా నల్లబడిన భాగాన్ని వెలిగిస్తే అందులో దాగిన నాయిస్ కూడా పైకి తేలుతుంది. జేపెగ్ ఫైలైతే చదరపు మచ్చలు కూడా బయటపడతాయి. రంగు లేతగా చేయమని అడిగేవారు ఉంటారు. అది వేరే పని, ముఖం, చేతులు, మెడ అన్నీ కలిపి మార్చకపోతే భుజం ఒక్కటే పరాయి మనిషిదిలా కనిపిస్తుంది.

ఈ పద్ధతిలో పని అంతా అంచు దగ్గరే ఉంది. ఎండ గీతకు నిజ జీవితంలో కత్తితో కోసినంత పదునైన అంచు ఉండదు. పట్టీ కాస్త అటూ ఇటూ జరుగుతుంది కనుక రంగు క్రమంగా మారుతుంది. మాస్క్ అంచు మెత్తదనం ఆ క్రమానికి సమానంగా ఉండాలి. మాస్క్ మరీ మెత్తగా ఉంటే చారకు వెలుపల ముదురు గీత, లోపలి అంచున సన్నని లేత దారం, రెండూ జంటగా కనిపిస్తాయి. మరీ పదునుగా ఉంటే మెత్తగా మారే పట్టీ అంచు మధ్యలో ఒక మెట్టు పడుతుంది. మొదట్లోనే మెత్తని బ్రష్‌తో పూయడం నేను మానేశాను. కాస్త గట్టి బ్రష్‌తో చార ఆకారాన్ని స్పష్టంగా పూసి, ప్రాపర్టీస్ పలకలో మాస్క్‌కు ఉండే Feather జారుడును నెమ్మదిగా పెంచుకుంటూ, ఆ జంట గీతలు కనిపించబోయే ముందు ఆపుతాను. ఆ జారుడును ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు, బ్రష్‌తో పూసిన మెత్తదనాన్ని అలా తీసుకోలేము. చారకు ఒక అంచు పదునుగా, మరొకటి మెత్తగా ఉండటం కూడా మామూలే. అప్పుడు మెత్తని వైపు మాత్రం తరువాత బ్లర్ పరికరంతో మాస్క్‌ను కాస్త రుద్దుతాను.

తప్పులు పట్టుకోవడానికి రెండు తాత్కాలిక లేయర్లు పైన పెట్టుకుంటాను. ఒకటి నలుపు నింపి, బ్లెండ్ మోడ్‌ను Color చేసిన లేయర్. అది రంగును తీసేసి వెలుగు తేడాలను మాత్రమే చూపిస్తుంది. రెండోది సాచురేషన్‌ను బాగా పెంచిన హ్యూ/సాచురేషన్ లేయర్. అది మామూలు కంటికి అందని పసుపు, ఎరుపు తేడాలను కేకవేసి చెబుతుంది. మొదటిదానిలో చార కనబడక, రెండోదానిలో కనబడితే వెలుగు కుదిరింది, నీలం లేదా ఆకుపచ్చ బిందువు ఇంకా కుదరలేదని అర్థం. పని ముగిశాక ఈ రెండింటినీ తొలగించాలి. సేవ్ చేసేముందు కళ్లజోడు వెతుక్కున్నట్లు వీటిని వెతుక్కోవడం నాకు అలవాటైపోయింది.

భుజం గుండ్రంగా ఉంటుందన్న సంగతి చాలా వివరణల్లో వదిలేస్తారు. పైభాగాన వెలుగు ఎక్కువ, ముందు వైపు తక్కువ, చంక దగ్గర నీడ. అందువల్ల పైన తీసిన ఒక్క జత విలువలు కింది దాకా నప్పకపోవచ్చు. నేను చార పొడవునా మూడు చోట్ల జతలుగా విలువలు చూసుకుంటాను. పైన సరిపోయిన మార్పు నీడలో ఎక్కువైతే, కొత్త లేయర్ చేర్చడానికి ముందు మాస్క్‌ను అక్కడ నల్లని బ్రష్‌తో, ఫ్లో 10 శాతం దగ్గర ఉంచి, పలచన చేస్తాను. పై ఫోటోలో చార చివర అంతే చాలింది.

ఇప్పుడు ఈ సాధనం గురించి నా ప్రధాన ఫిర్యాదు. మధ్యలో ఒక బిందువును కిందికి లాగితే, దాని పైన గీత నిటారుగా మారుతుంది. ఎరుపులో 204 నుంచి 255 వరకు ఉన్న 51 మెట్లు, 176 నుంచి 255 వరకు 79 మెట్లుగా సాగుతాయి. చెమటో నూనెయో పట్టి మెరిసే భుజం మీద ఈ సాగుడు వల్ల మెరుపు చుక్కలు కటువుగా మారి, చర్మం ముతకబారినట్లు కనిపిస్తుంది. గీత పై కొసను కూడా కిందికి దించితే సాగుడు తగ్గుతుంది గానీ, అప్పుడు మెరుపే గోధుమ రంగులోకి వెళ్లిపోతుంది. మెరుపు చర్మం పైపొర నుంచి నేరుగా తిరిగి వచ్చే కాంతి, మెలనిన్ గుండా వెళ్లి వచ్చింది కాదు. నల్లబడిన చర్మం మీద కూడా అది తెల్లగానే ఉండాలి. దీనికి లేయర్ పేరు పక్కనున్న ఖాళీ చోట డబుల్ క్లిక్ చేస్తే వచ్చే Blend If బాగా పనిచేస్తుంది. అందులో Underlying Layer కుడి కొనను Alt పట్టుకుని రెండుగా చీల్చి, సుమారు 215, 245 దగ్గర ఉంచితే, బాగా వెలిగే చుక్కలు కర్వ్స్ ప్రభావం నుంచి క్రమంగా తప్పించుకుంటాయి.

కమిలిన ఎర్ర మచ్చకు మాత్రం ఇదే లేయర్‌ను వాడకూడదు, కారణం వేరు కనుక. అక్కడ పెరిగినది చర్మం పైపొరలకు చేరిన రక్తం. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆకుపచ్చ కాంతిని బలంగా పీల్చుకుంటుంది. ఛానెల్స్ పలకలో Green ఒక్కటే తెరిచి చూస్తే మచ్చ హద్దులు స్పష్టంగా నల్లగా కనిపిస్తాయి, Red తెరిస్తే ఆ నలుపు కనిపించదు. మాస్క్ ఎక్కడి దాకా పూయాలో నేను ఈ ఆకుపచ్చ చిత్రం చూసే నిర్ణయిస్తాను. ఉదాహరణ ఫోటోలో మచ్చ విలువలు 196, 112, 96, పక్క చర్మం 180, 124, 98. ఆకుపచ్చను 112 నుంచి 124కు పెంచి, ఎరుపును 196 నుంచి 180కి తగ్గించాను, నీలాన్ని ముట్టుకోలేదు. మచ్చకు పదునైన హద్దులు ఉండవు కనుక ఇక్కడ మెత్తని, పెద్ద బ్రష్ పనికొస్తుంది. లేయర్ ఒపాసిటీని పూర్తిగా కాక 80 శాతం దగ్గర వదిలాను. ఎండలో తిరిగిన భుజానికి కొంత ఎరుపు సహజం, అంతా తుడిచేస్తే మైనపు బొమ్మ భుజం అవుతుంది.

ఫైల్ 8 బిట్ జేపెగ్ అయితే Image > Mode > 16 Bits/Channel కు మార్చుకుని పని మొదలుపెట్టడం మంచిది. పోయిన వివరం దానివల్ల తిరిగి రాదు, కానీ రెండు మూడు కర్వ్స్ లేయర్లు ఒకదానిపై ఒకటి పడినప్పుడు నున్నని భుజం మీద మెట్లుమెట్లుగా చారలు పడటం తగ్గుతుంది. తెరకు రాత్రిపూట పసుపు వెలుగు ఇచ్చే అమరిక ఉంటే దానిని ఆపేయాలి.

ఈ పద్ధతి పూర్తిగా చేతులెత్తేసే సందర్భం ఒకటి ఉంది. నడి ఎండలో ఎక్కువ ఎక్స్‌పోజర్‌తో తీసిన ఫోటోలో లేత చార మీద ఎరుపు ఛానెల్ 255కు చేరి ఆగిపోయి ఉంటుంది. గుర్తు పెట్టి చూస్తే పక్కపక్క చోట్ల కూడా ఎరుపు ఒకే అంకె దగ్గర కదలకుండా ఉంటుంది. అక్కడ ఎంత దించినా అల్లిక లేని నున్నని నారింజ పట్టీయే వస్తుంది. రా ఫైల్ ఉంటే కెమెరా రా లో ఎక్స్‌పోజర్ తగ్గించి మళ్లీ తెరిస్తే తరచుగా కొంత దొరుకుతుంది. జేపెగ్ ఒక్కటే ఉంటే నేను ఆ చారను సగం వరకే దించి వదిలేస్తాను.