1500 రెట్లా, 400 రెట్లా: ఐపీస్ మీది రాత ఏం చెబుతుంది?

మా మేనకోడలు ఈ ఏడాది బీఎస్సీ జువాలజీలో చేరింది. ఇంట్లో ఉంచుకోవడానికి పాత మైక్రోస్కోపు ఒకటి చూసిపెట్టమని అక్క నాకు పురమాయించింది. కాలేజీ ప్రయోగశాలలో పనిచేసేవాడికి ఇదెంత పని అని ఆమె ధీమా. ల్యాబ్ సామాను కొని అమ్మే ఒకాయన బల్ల మీద రెండింటిని పెట్టాడు. ధర ఇంచుమించు ఒకటే.

మొదటిది నల్లటి, బరువైన పాత యంత్రం. కన్ను పెట్టి చూసే కటకం, అంటే ఐపీస్ అంచున H 15X అని చెక్కి ఉంది. కింద తిరిగే ముక్కుకు స్లైడు వైపు ఉండే కటకాలు, అంటే ఆబ్జెక్టివులు మూడు: 10/0.25, 40/0.65, 100/1.25. రెండోది తేలికైనది, తెల్లరంగుది. ఐపీస్ మీద WF10X/18, పక్కనే చిన్న కళ్లజోడు బొమ్మ. దాని ఆబ్జెక్టివులు 4/0.10, 10/0.25, 40/0.65.

“నల్లది పదిహేను వందల రెట్లు చూపిస్తుంది సార్, తెల్లది నాలుగు వందలే” అన్నాడాయన. గుణకారం సరైనదే. 15ను 100తో హెచ్చిస్తే 1500, 10ని 40తో హెచ్చిస్తే 400. అయినా ఈ లెక్క చూసి కొన్నవాళ్లు తరవాత ఆ యంత్రాన్ని అటక మీదికి ఎక్కించడం నేను చాలాసార్లు చూశాను.

ముందు ఆబ్జెక్టివు మీది రెండో అంకెను చూడాలి. 40/0.65లో 40 పెద్దది చేసే రెట్లు. 0.65 అనేది వస్తువు నుంచి వచ్చే కాంతిని ఆ కటకం ఎంత వెడల్పుగా అందుకోగలదో చెబుతుంది. దగ్గరదగ్గరగా ఉన్న రెండు చుక్కలు రెండుగానే కనిపించాలా, కలిసి ఒకే మచ్చగా కనిపించాలా అన్నది తేల్చేది ఈ అంకె. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. 0.65 ఉంటే సుమారు అర మైక్రాను దూరం వరకు విడదీస్తుంది. 1.25 అయితే దాదాపు పావు మైక్రాను. ఇందులో ఐపీస్‌కు వాటా లేదు. ఆబ్జెక్టివు తెచ్చిన బొమ్మను అది పెద్దది చేస్తుందంతే, లేని వివరాన్ని పుట్టించలేదు. ఈ రెండు యంత్రాల్లోనూ 40/0.65 ఉంది కాబట్టి ఆ ఆబ్జెక్టివుతో కనిపించే వివరం రెండింటిలోనూ ఒకటే. ఒకదానిలో 600 రెట్లు, రెండోదానిలో 400 రెట్లు, తేడా అంతే.

ఎంతవరకు పెంచితే ఉపయోగం అన్నదానికి ల్యాబుల్లో ఒక మోటు లెక్క ఉంది. ఆ రెండో అంకెను వెయ్యితో హెచ్చించాలి. 0.65కు 650 దాకా, 1.25కు 1250 దాకా. అది దాటితే బొమ్మ పెద్దదవుతుంది గానీ మసకబారుతుంది, చీకటిపడుతుంది. ఆయన గొప్పగా చెప్పిన 1500 ఈ గీత దాటిపోయింది. అదే 100/1.25కు 10X ఐపీస్ తగిలిస్తే 1000 రెట్లతో హాయిగా పనిచేస్తుంది.

ఇక ఐపీస్ మీది అక్షరాలు. H అంటే హైగెన్స్ రకం. రెండు సాదా కటకాల పాత అమరిక, చవక. 15Xలో కన్ను దాదాపు గాజుకు ఆనించాలి. మా పిల్లకు కళ్లజోడు ఉంది. WF అంటే వెడల్పు దృశ్యం ఇచ్చేది. గీత తరవాతి 18 అన్నిటికంటే విలువైన అంకె అని నా అభిప్రాయం. లోపల ఏర్పడే బొమ్మలో ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పు మనకు కనిపిస్తుందో అది చెబుతుంది. దాన్ని ఆబ్జెక్టివు రెట్లతో భాగిస్తే స్లైడు మీద కనిపించే వెడల్పు వస్తుంది. 4తో 4.5 మి.మీ., 10తో 1.8, 40తో 0.45. కళ్లజోడు బొమ్మ ఉంటే జోడు తీయకుండానే చూడవచ్చని అర్థం.

నల్లదాని మీద ఈ అంకె లేదు, కాబట్టి కొలవాలి. పిల్లలు వాడే ప్లాస్టిక్ స్కేలును వేదిక మీద పెట్టి, రెంటిలోనూ 10 ఆబ్జెక్టివుతో చూశాను. తెల్లదానిలో రెండు మి.మీ. గీతలు కనిపించి, ఇంకా దాదాపు అంత ఖాళీ మిగిలింది. నల్లదానిలో ఒక గీతను ఎడమ అంచుకు తెస్తే రెండోది రానే లేదు. మా ల్యాబు నుంచి తీసుకెళ్లిన స్లైడు మీద ఒక మిల్లీమీటరును నూరు భాగాలు చేసి గీసి ఉంటుంది. దానితో చూస్తే 80 భాగాలు కనిపించాయి. అంటే 0.8 మి.మీ. పదితో హెచ్చిస్తే ఆ ఐపీస్ అంకె 8.

18కీ 8కీ తేడా కాగితం మీద చిన్నదిగా అనిపిస్తుంది. చెరువు నీటి చుక్క వేసి చూస్తే తెలుస్తుంది. పారమీషియం పొడవు 0.2 నుంచి 0.3 మి.మీ. ఉంటుంది. నల్లదానిలో 40 పెడితే కనిపించే వెడల్పే 0.2 మి.మీ. జీవి మొత్తం పట్టదు సరికదా, అది ఈదుతూ అడ్డంగా దూసుకుపోతుంటే వెంబడించడం అలవాటైన చేతికే కష్టం. తెల్లదానిలో అది కనిపించే చోటు విస్తీర్ణంలో అయిదు రెట్లు పెద్దది. సైక్లాప్స్ లాంటి ఒకటి రెండు మి.మీ. జీవికైతే 4/0.10 ఉండాల్సిందే. నల్లదానికి అది లేదు.

అలాగని నల్లదాన్ని వెంటనే పక్కన పెట్టలేదు. బ్యాక్టీరియా చూడాలన్నా, రక్తపు పూతలో మలేరియా క్రిమిని వెతకాలన్నా 100/1.25 కావాలి, దానికీ స్లైడుకూ మధ్య నూనె చుక్క వేయాలి. తెల్లది ఆ పనికి ఎప్పటికీ రాదు. నల్లదాని గొట్టం లోపలి వ్యాసం కొలిచాను. ఐపీస్‌లకు మామూలుగా ఉండే 23.2 మి.మీ. కొలతే. అంటే H 15X తీసేసి తెల్లదాని ఐపీస్‌లాంటిదే ఒకటి కొని దించవచ్చు. ఒక చిన్న ఖర్చుతో నల్లదే మేలు కావాలి, నూనె ఆబ్జెక్టివు బాగుంటే.

అది చూడటానికి ఆ ఆబ్జెక్టివును విప్పి, ఐపీస్‌ను తలకిందులు చేసి భూతద్దంలా వాడాను. ముందు గాజు మీద పసుపు పచ్చగా గట్టిపడిన నూనె ఉంది. ఎవరో వాడి తుడవకుండా వదిలేశారు. కొద్దిగా జైలీన్ తడిపిన కటకాల కాగితంతో రెండుసార్లు తుడిస్తే పైపొర పోయింది. లోపల మాత్రం పాలచుక్క వేసినట్టు తెల్లటి మబ్బు మిగిలింది. నూనె అంచు నుంచి లోపలికి దిగిందన్నమాట. అది బయటి నుంచి పోదు, విప్పి బాగుచేయించే ఖర్చు ఆ యంత్రం ధరను మించుతుంది. పాడైన 100 పోతే నల్లదానికి మిగిలేవి 10, 40. అవి తెల్లదానిలోనూ ఉన్నాయి, పైగా 4 అదనం.

తెల్లదాన్ని కూడా పరీక్షించాను. ఐపీస్‌ను గొట్టంలో తిప్పితే ఒక నల్లమచ్చ దానితోపాటే తిరిగింది, కాబట్టి ఆ దుమ్ము ఐపీస్‌లోదే, ఆబ్జెక్టివుది కాదు. 10తో స్పష్టంగా చూసి 40కి తిప్పినప్పుడు చిన్న మర తిప్పితే సరిపోయింది. 40లో అంచులు కాస్త అలికినట్టు ఉన్నాయి. ఈ ధరలో అది మామూలే, నడిమి భాగం శుభ్రంగా ఉంది. ఉల్లి వేరు కొనలో కణ విభజన, తెల్ల రక్తకణాల రకాలు, చెరువు నీరు చూడటానికి ఇది చాలు. నూనె పని ఎలాగూ కాలేజీలో చేయిస్తారు.

బయలుదేరబోతుంటే ఆయన ఇంకొక పెట్టె తెరిచాడు. డబ్బా మీద 1200X అని పెద్ద అక్షరాలు. ఐపీస్ మీద WF ఉంది కానీ దాని తరవాత అంకె లేదు. ఆబ్జెక్టివుల మీద 100X, 400X, 1200X అని మాత్రమే రాసి ఉంది, రెండో అంకె ఎక్కడా లేదు. అందులోంచి చూడకుండానే మూత పెట్టేశాను.