లేసులు కట్టే చివరి రంధ్రం: ఎనిమిది నెలలు వాడిన తర్వాత

మా బాబు షూకు పైన, మిగతా వాటికి కొంచెం వెనకగా, ఒక్కో పక్క ఒక రంధ్రం ఎక్కువ ఉంటుంది. కొన్న రోజు నేను దాన్ని పట్టించుకోలేదు. లేసు దాని దాకా రాదు కదా, ఊరికే పెట్టారేమో అనుకున్నాను. ఇప్పుడు ఎవరి పిల్లల షూ చూసినా నా కన్ను ముందు దాని మీదికే పోతుంది. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ రంధ్రం చాలా కంపెనీల పరుగు షూలకు ఉంటుంది, నేను చెప్పదలచుకున్నదీ దాని గురించే.

నేను నల్లగొండలో టైలరింగ్ చేస్తాను. ఎదిగే పిల్లలకు ప్యాంటు కుట్టేటప్పుడు కింద మడతలో మూడు అంగుళాల బట్ట వదులుతాను, ఏడాది తర్వాత విప్పి పొడుగు చేసుకోవచ్చు. షూ కూడా అంతే అనుకున్నాను. పోయిన జూన్‌లో బాబు ఎనిమిదో తరగతికి వచ్చాడు. "వీని కాలు ఆగేటట్టు లేదక్కా, రెండు సైజులు పెద్దది తీసుకో, ఏడాది నడుస్తది" అన్నాడు షాపాయన. నాకు సరైన మాటే అనిపించింది. 650 రూపాయలు పెట్టి 8 నంబరు నల్ల షూ కొన్నాను. వాడి పాదం అప్పుడు 23.6 సెంటీమీటర్లు. ముందు మూడు సెంటీమీటర్ల ఖాళీ మిగిలింది.

రెండు వారాలకే వాడి రెండు మడమల వెనక పొక్కులు లేచాయి. "అమ్మా, నడుస్తుంటే మడిమ పైకి లేస్తుంది" అని చెప్పాడు. నేను ముందు వైపు దూది కుక్కాను. వేళ్ల ముందు ఖాళీ నిండిందే గానీ మడమ లేవడం ఆగలేదు. తర్వాత లోపల ఒక మందపాటి అట్ట వేశాను. దాంతో పాదమే ఎత్తయి, మడమ షూ వెనక గోడ దాటి పైకొచ్చింది, ఇంకా తొందరగా జారడం మొదలైంది. ఆగస్టులో ఖోఖో ఆడుతూ షూ ముందు భాగం మడతపడి పడ్డాడు, మోకాలు చీరుకుపోయింది. దసరా నాటికి మడమ తగిలే చోట లోపలి గుడ్డ చిరిగి స్పాంజి బయటికొచ్చింది. ఏడాది అనుకున్నది నాలుగు నెలలకే అయిపోయింది. ఆ పొక్కులకు కారణం నా లెక్కే అని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అక్టోబరులో కొనేటప్పుడు కొలిచి కొన్నాను. సాయంత్రం, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, సాక్సు వేయించి, మడమ గోడకు ఆనించి కాగితం మీద నిలబెట్టాను. కూర్చోబెట్టి కొలిస్తే తక్కువ వస్తుంది. కుడి పాదం 24.2, ఎడమది ఒక రెండు మిల్లీమీటర్లు తక్కువ. పెద్దదాన్నే లెక్కలోకి తీసుకున్నాను. షాపులో షూ లోపలి అట్ట తీయించి దాని మీద నిలబెట్టి చూశాను. 6 నంబరులో ముందు ఎనిమిది మిల్లీమీటర్లు కూడా మిగల్లేదు, 7 నంబరులో పదహారు మిగిలాయి. ఒక నంబరుకు తర్వాతి నంబరుకు తేడా ఎనిమిదిన్నర మిల్లీమీటర్లే, అరసైజు ఆ షాపులో లేదు. నడవడానికి ముందు బొటనవేలి వెడల్పంత, అంటే పది పన్నెండు మిల్లీమీటర్ల ఖాళీ చాలు. అందుకే 7 కొంచెం ఎక్కువే. కానీ వీడి ఎదుగుదలకు 6 నాలుగు నెలలు కూడా ఆగదనిపించింది. స్కూల్లో ఒప్పుకుంటారని తెలుసుకుని, మొత్తం నలుపు రంగున్న స్పోర్ట్స్ షూ 1150 పెట్టి 7 నంబరే తీసుకున్నాను.

మొదటి వారం మళ్లీ మడమ లేచింది. నా గుండె జారిపోయింది.

ఆ ఆదివారం మా తమ్ముడు వచ్చాడు. కానిస్టేబుల్ ఉద్యోగం కోసం మేకల అభినవ్ స్టేడియంలో 1600 మీటర్లు పరుగెత్తి ప్రాక్టీస్ చేసినవాడు. షూ చేతిలోకి తీసుకుని, "అక్కా, పై రంధ్రం ఎందుకు వదిలేశావ్?" అన్నాడు. లేసును అదే పక్కనున్న చివరి రంధ్రంలోకి బయటి నుంచి లోపలికి తోశాడు, పూర్తిగా లాగలేదు, బయట చిన్న ఉచ్చు మిగిల్చాడు. రెండో పక్కా అంతే. తర్వాత ఎడమ లేసు కొసను కుడి ఉచ్చులోంచి, కుడి కొసను ఎడమ ఉచ్చులోంచి తీసి, వెనక్కి, కిందికి లాగి ముడేశాడు. బాబును లేచి నడవమన్నాడు. నేను వెనక నిలబడి చూశాను. వేలు పెట్టి కూడా చూశాను. మడమ కదల్లేదు.

ఎందుకో వాడే చెప్పాడు. ఖాళీ ఉన్న షూలో పాదం ముందుకు జరుగుతుంది, అప్పుడు వెనక మడమ వదులవుతుంది. ఈ ఉచ్చు షూ పై అంచును చీలమండ చుట్టూ బిగించి పాదాన్ని వెనక్కి ఆనిస్తుంది. ముందు ఖాళీ ముందే ఉంటుంది, మడమ తన చోట ఉంటుంది. నేను దూదితో చేయాలనుకున్నది తప్పు వైపు చేశానని అప్పుడర్థమైంది.

ఆ నెలంతా మా వీధిలో అందరికీ ఇదే చెప్పాను. ఇప్పుడు కొన్ని కలిపి చెప్పాలి. ఉచ్చుకు లేసు ఎక్కువ కావాలి, షూతో వచ్చినవి పొట్టివైపోయి ముడి నిలవలేదు, 140 సెంటీమీటర్ల లేసులు విడిగా కొన్నాను. మరీ బిగిస్తే పాదం పైన నొప్పి పెడుతుంది. ఒకసారి రాత్రి ఎర్రటి గుర్తు చూసి నేను హడలిపోయాను. ముడి విప్పకుండా పాదం తోసి వేసుకుంటే అంతా వృథా. ఫిబ్రవరిలో పొద్దున తొందరలో వాడు అలాగే చేసి, వెనక గోడ మెత్తబడేలా తొక్కేశాడు. అలా మెత్తబడితే ఏ ఉచ్చూ పనిచేయదు. ఆ రంధ్రానికి లోహపు చుట్టు లేదు, కుడి షూలో అంచు దారాలు లేచాయి, నేనే నాలుగు కుట్లు వేశాను.

ఇంకోటి, ఇదే పెద్దది. ఉచ్చు మడమను పడుతుంది గానీ షూ వంగే చోటును మార్చదు. మొదటి రెండు నెలలు షూ మడత వాడి వేళ్ల కీళ్ల కంటే ముందుకు పడింది, ఆ గీత ఇంకా ఉంది. పదహారు మిల్లీమీటర్ల దాకా దాన్ని భరించవచ్చు అనిపిస్తోంది. మూడు సెంటీమీటర్లు ఖాళీ ఉన్న పాత షూకు ఈ ఉచ్చు కట్టినా నా బిడ్డ పడేవాడే.

మా వాడి మడమ సన్నం, పాదం పొడుగు. వెడల్పు పాదమున్న పిల్లలకు బిగుతు పక్కల వస్తుంది, వాళ్లకు ఇది ఎంత ఉపయోగమో నేను చెప్పలేను. లేసులు లేని షూయే తప్పనిసరి అన్న స్కూళ్లకు ఇది పనికిరాదు. డబ్బు లెక్కకు వస్తే, మొదటి జత నెలకు 160 పైన పడింది, ఇది ఎనిమిది నెలలకు లేసులు కలుపుకున్నా 150 లోపే.

మొన్న మళ్లీ కొలిచాను, 25.1 వచ్చింది. ఇక ఈ షూలో ముందు ఏడు మిల్లీమీటర్లే ఉంది, స్కూలు తెరిచేలోపు మార్చాలి. జూన్ నుంచి అక్టోబరుకు ఆరు మిల్లీమీటర్లు పెరిగిన పాదం, ఫిబ్రవరి నుంచి ఇప్పటికి నాలుగే పెరిగింది. ఈసారి ఎక్కువ ఖాళీ అక్కర్లేదనిపిస్తోంది. 8 నంబరు తీసుకోకుండా, అరసైజులు పెట్టే షాపు చూసి ఏడున్నర అడుగుతాను. దానికీ పైన ఆ రంధ్రం ఉందో లేదో చూశాకే డబ్బు ఇస్తాను.