పాయింట్లు సమానమైతే ఏది మేలు: గోల్ డిఫరెన్సా, ముఖాముఖి ఫలితమా?

"మామా, ఇదేంది? ఇద్దరికీ 76 పాయింట్లే. బార్సిలోనాకు GD +45, మాడ్రిడ్‌కు +26. మరి మాడ్రిడ్ ఎట్ల పైనున్నది? యాప్ తప్పు చూపిస్తున్నదా?"

హనుమకొండలో డిగ్రీ చదివే మా మేనల్లుడు ఒక స్క్రీన్‌షాట్ పంపి అడిగిన ప్రశ్న ఇది. యాప్ తప్పేమీ లేదు. అది స్పెయిన్ ఫుట్‌బాల్ లీగ్ లా లిగా 2006-07 తుది పట్టిక. బార్సిలోనా 78 గోల్స్ కొట్టి 33 ఇచ్చింది. రియల్ మాడ్రిడ్ 66 కొట్టి 40 ఇచ్చింది. కొట్టినవాటిలోంచి ఇచ్చినవి తీసేస్తే వచ్చే తేడానే GD, అంటే గోల్ డిఫరెన్స్. అందులో బార్సిలోనా ఏకంగా 19 గోల్స్ ముందుంది. అయినా కప్పు మాడ్రిడ్‌కే పోయింది. స్పెయిన్‌లో పాయింట్లు సమానమైతే ముందుగా చూసేది ఆ రెండు జట్లు తమలో తాము ఆడిన మ్యాచ్‌లు. మాడ్రిడ్ తన సొంత మైదానంలో 2-0తో గెలిచింది, బార్సిలోనాలో 3-3 డ్రా అయింది. అక్కడితో లెక్క తేలిపోయింది. GD వైపు చూసే అవసరమే రాలేదు.

ఇంగ్లాండ్ లెక్క వేరు. ప్రీమియర్ లీగ్‌లో మొదట గోల్ డిఫరెన్స్, అదీ సమానమైతే కొట్టిన గోల్స్ చూస్తారు. మనకు అలవాటైన పద్ధతి దీనికే దగ్గర. 2024 ఐపీఎల్‌లో సన్‌రైజర్స్, రాజస్థాన్ రెండూ 17 పాయింట్ల దగ్గర ఆగాయి. నెట్ రన్‌రేట్ +0.414 ఉన్న హైదరాబాద్‌కు రెండో స్థానం, +0.273 ఉన్న రాజస్థాన్‌కు మూడోది దక్కాయి. అందుకే మనవాళ్లు ఫుట్‌బాల్ పట్టిక చూసినా కళ్లు నేరుగా GD మీదికే పోతాయి.

మేనల్లుడు ఊరికే అడగలేదు. సెలవుల్లో వాళ్ల స్నేహితులు ఐదు జట్లతో చిన్న లీగ్ పెడుతున్నారు. ఒక్కో జట్టు మిగతా నాలుగింటితో ఒక్కోసారి ఆడుతుంది. నిబంధనల కాగితం మీద ఏం రాయాలన్నది అసలు ప్రశ్న.

గోల్ డిఫరెన్స్ పక్షాన గట్టి వాదనే ఉంది. అది ఒక్క రోజు ఆటను కాదు, సీజన్ మొత్తాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. పైగా ముఖాముఖి ఫలితం దాంట్లో ఎలాగూ కలిసే ఉంటుంది. 2011-12 ప్రీమియర్ లీగ్‌లో మాంచెస్టర్ సిటీ, యునైటెడ్ రెండూ 89 పాయింట్లతో ముగించాయి. సిటీ +64, యునైటెడ్ +56. ఎనిమిది గోల్స్ తేడాతో సిటీ ఛాంపియన్. ఆ ఏడాది సిటీ యునైటెడ్‌ను 6-1తోనూ, 1-0తోనూ ఓడించింది. ఈ రెండు మ్యాచ్‌లు తీసేసి చూడండి: సిటీది +58కి తగ్గుతుంది, యునైటెడ్‌ది +62కి పెరుగుతుంది. అంటే మిగతా 36 మ్యాచ్‌ల్లో యునైటెడ్‌దే మెరుగైన తేడా. గోల్ డిఫరెన్స్ పేరుతో వచ్చిన ఆ కప్పు నిజానికి ముఖాముఖిలోనే తేలిందన్నమాట!

అయితే ఈ పద్ధతి న్యాయంగా ఉండాలంటే మ్యాచ్‌లు చాలా ఉండాలి. నాలుగే మ్యాచ్‌లైతే ఏమవుతుందో ఒక ఉదాహరణ చూద్దాం. కాజీపేట, హనుమకొండ, వడ్డేపల్లి, రంగశాయిపేట, హసన్‌పర్తి జట్లు ఆడుతున్నాయనుకుందాం.

కాజీపేట హనుమకొండను 1-0, రంగశాయిపేటను 2-1, హసన్‌పర్తిని 2-0తో గెలిచి వడ్డేపల్లి చేతిలో 0-1తో ఓడింది. తొమ్మిది పాయింట్లు, GD +3. హనుమకొండ కాజీపేట చేతిలో ఓడి, వడ్డేపల్లిని 2-1, రంగశాయిపేటను 1-0తో గెలిచింది. చివరగా హసన్‌పర్తితో ఆడింది. ఆ రోజు హసన్‌పర్తి నుంచి ఎనిమిది మందే వచ్చారు. స్కోరు 9-0. హనుమకొండకూ తొమ్మిది పాయింట్లే, కానీ GD +10.

పట్టికలో చూస్తే హనుమకొండ ఎంతో బలమైన జట్టులా కనిపిస్తుంది. హసన్‌పర్తి మ్యాచ్‌లు పక్కన పెడితే మాత్రం రెండు జట్లూ మూడు కొట్టి రెండు ఇచ్చాయి, రెండింటికీ +1. ఏడు గోల్స్ తేడా మొత్తం ఒకే మ్యాచ్‌లో, అదీ ముగ్గురు ఆటగాళ్లు రాకపోవడం వల్ల వచ్చింది. కాజీపేట చేతిలో ఓడిన జట్టుకు కప్పు ఇస్తామంటే ఆ కుర్రాళ్లు ఊరుకుంటారా? చిన్న లీగుల్లో ఇలాంటిది మామూలే. ఒకరికి పరీక్ష ఉంటుంది, ఇంకొకరి ఇంట్లో పెళ్లి ఉంటుంది.

మైదానం ఒక్కటే కావడం ఇంకో చిక్కు. పెద్ద లీగుల్లో చివరి రోజు కీలకమైన మ్యాచ్‌లు సాధారణంగా ఒకే సమయానికి మొదలుపెడతారు. ఇక్కడ ఒకటి అయ్యాకే ఇంకొకటి. రెండో మ్యాచ్ ఆడే జట్టుకు ఎన్ని గోల్స్ కావాలో ముందే తెలిసిపోతుంది. ఎదుటి జట్టు అప్పటికే పోటీలో లేకపోతే, గోల్స్ ఎలా పడ్డాయన్న అనుమానాలు మొదలవుతాయి. ముఖాముఖి నిబంధనలో ఈ బెడద పూర్తిగా పోదు కానీ బాగా తగ్గుతుంది. ఎందుకంటే అక్కడ గెలుపే లెక్క, గోల్స్ కుప్ప కాదు.

మరి ముఖాముఖిలో లోపం లేదా? ఉంది. మూడు జట్లు సమానమైతే చూడాలి దాని తిప్పలు. అదే ఉదాహరణలో వడ్డేపల్లి కూడా మిగతా రెండూ గెలిచి తొమ్మిదికి చేరిందనుకోండి. కాజీపేట హనుమకొండను, హనుమకొండ వడ్డేపల్లిని, వడ్డేపల్లి కాజీపేటను ఓడించాయి. ముగ్గురి మధ్య మ్యాచ్‌లే తీస్తే తలా మూడు పాయింట్లు, ముగ్గురికీ తేడా సున్నా. ఇక ఆ మ్యాచ్‌ల్లో కొట్టిన గోల్స్ చూడాలి: హనుమకొండ రెండు, వడ్డేపల్లి రెండు, కాజీపేట ఒకటి. కాజీపేట మూడో స్థానానికి పోయింది. మిగిలిన ఇద్దరికి మళ్లీ మొదటి నుంచి లెక్క వేస్తే, వడ్డేపల్లిని ఓడించిన హనుమకొండ మొదటి స్థానంలో నిలుస్తుంది. యూరో కప్ గ్రూపుల్లో లెక్క దాదాపు ఇలాగే నడుస్తుంది. హనుమకొండను ఓడించిన కాజీపేట మాత్రం అందరికంటే కింద! మైక్ పట్టుకుని జనానికి ఇది వివరించడం మామూలు టెన్షన్ కాదు.

అయినా నా మొగ్గు ముఖాముఖి వైపే, ఇలాంటి చిన్న లీగుకు. ఇరవై జట్లు, 38 మ్యాచ్‌లు ఉంటే గోల్ డిఫరెన్స్‌కే ఓటు వేస్తాను. అక్కడ ఒక 9-0 వచ్చినా మొత్తంలో కొంత కలిసిపోతుంది. నాలుగు మ్యాచ్‌ల్లో అలా కలిసిపోయే చోటే లేదు.

మేనల్లుడికి చెప్పిన వరుస ఇది: పాయింట్లు, సమానమైన జట్ల మధ్య పాయింట్లు, ఆ మ్యాచ్‌ల్లో గోల్ తేడా, ఆ మ్యాచ్‌ల్లో కొట్టిన గోల్స్, ఆ తర్వాతే మొత్తం GD. అదీ తేలకపోతే పెనాల్టీలు. ఎవరైనా మైదానానికే రాకపోతే ఫలితం 3-0గా రాసుకోవాలి. కాగితం మీద అందరు కెప్టెన్ల సంతకాలు మొదటి మ్యాచ్‌కు ముందే తీసుకోవాలి. లేకపోతే చివరి రోజు ఎవరికి లాభమైన నిబంధనను వాళ్లు ఫోన్‌లో వెతికి చూపిస్తారు.

స్క్రీన్‌షాట్ల సంగతికొస్తే, లా లిగా పట్టిక సీజన్ మధ్యలోదైతే ఇంకో మాట గుర్తుంచుకోవాలి. రెండు జట్ల మధ్య రెండు మ్యాచ్‌లూ పూర్తయ్యేదాకా అక్కడ కూడా వరుస GDని బట్టే ఉంటుంది. రెండో మ్యాచ్ అయిన రాత్రి, పాయింట్లు సమానంగానే ఉన్నా పై జట్టు కిందికి జారొచ్చు. అప్పుడు పాత స్క్రీన్‌షాట్ పట్టుకుని యాప్‌ను తిట్టకూడదు.