ప్రాజెక్టు లాగ్‌లో ఆధారాలు, ఇబ్బందులు: విడివిడిగా రాయాలా, కలిపి రాయాలా?

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ పిల్లలు చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టునే తీసుకుందాం. ఒక ఊళ్లో తాగునీటి సర్వే చేశారు. ఇక ఏ ఆధారాలు వాడారో, ఏ ఇబ్బందులు పడ్డారో లాగ్‌బుక్‌లో నోట్ రాయాలి.

ఎక్కువమంది రెండు శీర్షికలు పెడతారు. ఆధారాల కింద 2011 జనగణన, జల్ జీవన్ మిషన్ వెబ్‌సైట్, ఇంటింటి సర్వే అని మూడు పేర్లు. ఇబ్బందుల కింద "సమాచారం సరిపోలలేదు, జనం సహకరించలేదు" అని రెండు ముక్కలు. పని త్వరగా అయిపోతుంది, చూడ్డానికీ నీట్‌గా ఉంటుంది. కానీ ఏది దేనితో సరిపోలలేదో చదివేవాళ్లకు తెలియదు. ఆ రెండు ముక్కలు ఏ ప్రాజెక్టుకైనా అతుకుతాయి.

రెండో పద్ధతిలో ఏ ఆధారం దగ్గర ఏ చిక్కు వచ్చిందో, అప్పుడు ఏం చేశారో వెంటనే రాస్తారు. ఉదాహరణకు ఇలా:

"జనగణన గ్రామ వివరాల్లో మా ఊరికి కుళాయి నీరు 'ఉంది' అని ఉంది. మేం తిరిగిన 40 ఇళ్లలో 13 ఇళ్లవాళ్లు వీధి కుళాయి దగ్గరే పట్టుకుంటున్నారు. మొదట ఏదో ఒక లెక్క తప్పనుకున్నాం. జనగణనలోని ఆ గడి ఊళ్లో సౌకర్యం ఉందా లేదా అన్నంతవరకే చెబుతుంది, ఎన్ని ఇళ్లకో చెప్పదు. ఇంటింటి కనెక్షన్ల లెక్క జల్ జీవన్ మిషన్‌లో దొరికింది. అయితే కనెక్షన్ ఉన్నా రోజూ నీళ్లు రాని ఇళ్లు మా సర్వేలో కనిపించాయి. అందుకే కనెక్షన్లకు ఆ లెక్క, నీటి సరఫరాకు మా సర్వే వాడాం."

ఇందులో ఇబ్బందే ప్రాజెక్టుకు అసలు విషయాన్ని ఇచ్చింది. కుళాయి ఉండటం వేరు, నీళ్లు రావడం వేరు. విడివిడి జాబితాలో ఇది బయటపడదు. అందుకే నా ఓటు రెండో పద్ధతికే.

"జనం సహకరించలేదు" అన్న మాటనూ ఇలాగే విప్పాలి. పొద్దున పదకొండుకు వెళితే ఇళ్లలో ముసలివాళ్లే ఉంటారు, మిగతావాళ్లంతా పొలం పనుల్లో ఉంటారు. నీళ్లు మోసే ఆడవాళ్ల మాట రాకుండానే సర్వే పూర్తవుతుంది. సాయంత్రం మళ్లీ వెళ్లారా? వెళ్లాక జవాబులు మారాయా? వెళ్లకపోతే ఏ ఇళ్లు మిగిలిపోయాయి? అదంతా సర్వే అనే ఆధారం పక్కనే ఉండాలి.

బస్సు దొరక్కపోవడం, జట్టులో ఒకరికి జ్వరం రావడం లాంటివి ఏ ఆధారానికీ సంబంధించినవి కావు. వాటికి చివర్లో విడిగా రెండు లైన్లు చాలు. కాలేజీ ఇచ్చిన ఫారంలో రెండు గడులు విడిగా ఉంటే ఆధారాలకు నంబర్లు వేసి, ఇబ్బందుల గడిలో ఆ నంబరుతోనే మొదలుపెట్టండి.

రెండో పద్ధతికి ఒక కష్టం ఉంది, ఆఖరి రోజున కూర్చుంటే ఇంత వివరం గుర్తుండదు. వెబ్‌సైట్ లెక్కయితే తర్వాత మారిపోతుంది కూడా. అంకె రాసుకున్నప్పుడే చూసిన తేదీ పక్కన వేసుకోవాలి.